సీస తొక్కుకు అసలు ఖర్చెంత?

మామిడికాయల కాలం వచ్చిందంటే మన పల్లెల్లో ప్రతి ఇంటా రోకలి చప్పుడు, ఆవపిండి ఘాటు. రామన్నపేట చుట్టుపక్కల ఊళ్లలో దీన్ని ఆవకాయ అనేవారికంటే మామిడికాయ తొక్కు అనేవారే ఎక్కువ. ఇంటికి సరిపడా పెట్టుకోవడం వేరు, నాలుగు సీసాలు అమ్మి పిల్లల బడి ఫీజుకో, పంట కూర్పుల పండుగలో స్త్రీల మైత్రి బల్లకో పైకం కూర్చుకోవడం వేరు. ఇంటికి పెట్టుకున్నప్పుడు లెక్క అడిగేవారుండరు. అమ్మేటప్పుడు మాత్రం ఎదుటివారు అడుగుతారు: "ఏంది వదినా, అర్ధకిలో సీసకు నూటయాభయ్యా? కాయ కిలో నలభయ్యే గదా!"

ఈ మాటకు జవాబు చేతిలో లేనందువల్లనే చాలామంది సహోదరీలు గబుక్కున నూరు రూపాయలకు దిగిపోతారు. దిగినా లాభమే వస్తున్నదనుకుంటారు. నిజంగా వస్తున్నదా? ఈ నెల 10 కిలోల కాయను తీసుకొని, కాయ కొన్న దగ్గర నుండి సీసకు మూత బిగించేవరకు లెక్క వేసి చూద్దాము. ధరలు ఊరికొక తీరుగా, ఏటికొక తీరుగా ఉంటాయి. గనుక మేము వేసిన ధరలను లెక్క నేర్చుకోవడానికే తీసుకొని, వాటి స్థానంలో మీ అంగడి ధరలు వేసుకోండి. లెక్క నడిచే తీరు మాత్రం మారదు.

కాయ ధర వేరు, ముక్క ధర వేరు

కాయ కిలో 40 రూపాయలు అనుకుందాము. 10 కిలోలకు 400. ముక్కలు కొట్టినందుకు కిలోకు 10 చొప్పున 100. అంటే మన చేతికి ముక్కలు వచ్చేసరికి 500 రూపాయలయింది. అయితే ముక్కలు 10 కిలోలు రావు. తొడిమ పోతుంది. టెంక లోపలి జీడి పోతుంది. జీడిని అంటుకొని ఉండే కాగితంలాంటి పొరను కూడా గీకి తీయాలి, లేకుంటే తొక్కు వగరెక్కుతుంది. వీటన్నిటికీ కలిపి 1 కిలో 300 గ్రాములు పోయిందనుకోండి. దెబ్బ తగిలినవి, లోపల పసుపు తిరిగి మెత్తబడినవి, టెంక ఊడిపోయినవి మరో 700 గ్రాములు. మిగిలింది 8 కిలోలు. 500 రూపాయలను 8తో భాగిస్తే కిలో ముక్కకు 62 రూపాయల 50 పైసలు పడింది. "కాయ నలభయ్యే గదా" అన్నవారికి మొదటి జవాబు ఇదే. తొక్కులో పడేది నలభై రూపాయల కాయ కాదు, అరవై రెండున్నర రూపాయల ముక్క.

ఈ తరుగు ఎప్పుడూ ఒకే రీతిగా ఉండదు. కాయ మరీ లేతదైతే టెంక కట్టదు, ముక్కకు పట్టు ఉండదు, నెల తిరగకముందే మెత్తబడుతుంది. ముదిరిందైతే జీడి పెద్దదవుతుంది, లోపల పసుపు వచ్చి పులుపు తగ్గుతుంది. రోహిణి కార్తె దాటి తొలకరి పడిన తరువాత వచ్చే కాయ చవకగా దొరుకుతుంది. అయితే అందులో పండబోయేవీ, పురుగు తిన్నవీ ఎక్కువ. కిలో 30కి దొరికిన కాయలో 10 కిలోలకు 6 కిలోల ముక్కే వస్తే, కొట్టుడు కూలితో కలిపి 400 రూపాయలు. ముక్క కిలోకు దాదాపు 67 రూపాయలు పడుతుంది. చవక కాయ ఖరీదు ముక్కయింది!

గనుక బస్తా కొనకముందే కిలో కాయను తూచి, కోయించి, జీడీ పొరా తీసి, ముక్కలను మళ్లీ తూచండి. గుజ్జు తెల్లగా, గట్టిగా ఉండి, కత్తికి టెంక గట్టిగా తగలాలి. కిలోకు 800 గ్రాములు వస్తే బేరం ఆడండి. 650 గ్రాములే వస్తే ఎంత చవకైనా ఆలోచించండి. తడి కాయను తూకం వేయించుకోవద్దు. నీళ్లకు కూడా కాయ ధరే ఇచ్చినట్టవుతుంది.

తీసేసిన మెత్తని ముక్కలను పారేయనక్కరలేదు. బాగున్నంతవరకు తురిమి ఆ వారమే తినే తొక్కు చేసుకోవచ్చు, ఎండబెట్టి ఒరుగులు చేసుకోవచ్చు. కాని వాటిని అమ్మి పైకం చేతికి వచ్చేవరకు ఈ లెక్కలో తగ్గించవద్దు.

కారం, ఆవపిండి, మిగిలినవి

8 కిలోల ముక్కలకు మేము వేసే కొలత ఇది. కారప్పొడి కిలో 200 గ్రాములు, దంచిన దొడ్డుప్పు కిలో 200 గ్రాములు, ఆవపిండి కిలో, వేయించి పొడి చేసిన మెంతులు 100 గ్రాములు, జీలకర్ర 100 గ్రాములు, పసుపు 50 గ్రాములు, పొట్టు తీసిన ఎల్లిగడ్డ 600 గ్రాములు, చెక్కు తీసిన అల్లం 300 గ్రాములు. కోస్తా జిల్లాలవారి ఆవకాయలో అల్లం అంతగా కనబడదు. మనవైపు అల్లం ఎల్లిగడ్డ ముద్ద లేనిదే తొక్కు తొక్కులా ఉండదు. కాబట్టి మన లెక్కలో ఆ ఖర్చు కూడా ఉండాలి.

ఇక్కడా తరుగు ఉంది. కిలో 200 గ్రాముల కారప్పొడి కావాలంటే, తొడిమలూ తాలూ పోను, దాదాపు కిలో 350 గ్రాముల ఎండుమిరప కొనాలి. కిలో 240 చొప్పున 324, గిర్నిలో పట్టించినందుకు 30, మొత్తం 354. ఎల్లిగడ్డ 700 గ్రాములు కొంటే పొట్టు పోను 600 మిగులుతుంది. కిలో 160 చొప్పున 112. అల్లం 350 గ్రాములు 42. ఆవాలు 120, ఉప్పు 24, మెంతులు 10, జీలకర్ర 30, పసుపు 10. ఇవన్నీ కూడితే 702 రూపాయలు.

చూశారా, దినుసుల ఖర్చు కాయ ఖర్చును దాటింది. అందులో సగం ఒక్క మిరపదే. వరంగల్, ఖమ్మం మార్కెట్లకు కొత్త మిరప వచ్చే రోజుల్లో, అంటే ఎండాకాలానికి ముందే, కొని ఎండబెట్టి దాచుకొన్నవారికి ఇక్కడ నాలుగు రూపాయలు మిగులుతాయి. ఖర్చు తగ్గుతుందని ఉప్పు తగ్గించడం మాత్రం పనికిరాదు. ఉప్పుకు మొత్తంలో 24 రూపాయలే. అది తగ్గితే 15 కిలోల జాడీ బూజు పట్టవచ్చు.

నూనె: కొనేది లీటరు, అమ్మేది కిలో

మనవైపు పల్లి నూనె గాని, నువ్వుల నూనె గాని వాడతాము. ఈ కొలతకు కలిపేటప్పుడు రెండున్నర లీటర్లు, మూడోనాడు తిరగగలిపిన తరువాత పైన పోయడానికి మరో అర లీటరు, వెరసి 3 లీటర్లు. లీటరు 180 చొప్పున 540 రూపాయలు. పైన పోసే ఆ అర లీటరును చాలామంది లెక్కలో వేయరు. అక్కడే 90 రూపాయలు జారిపోతాయి.

లీటరు నూనె కిలో తూగదు, 910 గ్రాములే తూగుతుంది. 3 లీటర్లంటే 2 కిలోల 730 గ్రాములు. తొక్కును తూకం మీద అమ్ముతాము గనుక లెక్కలో ఈ అంకె వేయాలి. పాకెట్టు కొనేటప్పుడు దాని మీద అచ్చయిన గ్రాములను కూడా చదవండి. చూపుకు లీటరు పాకెట్టులా ఉండి తక్కువ తూగేవి కూడా అంగళ్లలో ఉన్నాయి.

నూనె ధర మన చేతిలో లేనిది. 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దిగుమతి వంటనూనెల మీద సుంకం పెంచింది. 2025 మే నెలాఖరున ముడి నూనెల మీద కొంత తగ్గించింది. పామాయిలు, పొద్దుతిరుగుడు ధరలు కదిలితే పల్లి నూనె కూడా వాటి వెంట కదులుతుంది. గనుక పోయినేటి లెక్కతో ఈయేడు ధర చెప్పకూడదు.

ఎన్ని సీసాలు అయ్యాయి?

ఇప్పుడు జాడీలో పడినవాటిని కూడుదాము. ముక్కలు 8 కిలోలు, కారం ఉప్పు కలిపి 2 కిలోల 400, ఆవపిండి కిలో, మెంతి జీలకర్ర పసుపు 250 గ్రాములు, అల్లం ఎల్లిగడ్డ 900 గ్రాములు, నూనె 2 కిలోల 730. మొత్తం 15 కిలోల 280 గ్రాములు. గిన్నెకూ గరిటెకూ అంటుకున్నది, రుచి చూసినది 280 గ్రాములు తీసేస్తే నికరంగా 15 కిలోలు. అర్ధకిలో సీసాలు 30.

సీసాలలో ఎప్పుడు నింపాలన్నది కూడా లెక్కకు సంబంధించినదే. కలిపిన నాడే నింపితే ముక్కలలోని నీరు ఉప్పుకు దిగి, ముక్క కుంచించుకొని, సీసలో మట్టం పడిపోతుంది. తూకం సరిగానే ఉన్నా కొన్నవారికి వెలితిగా కనబడుతుంది. ఒక సీసలో నూనె ఎక్కువ, మరొక సీసలో ముక్క ఎక్కువ పడుతుంది. మూడోనాడు అడుగునుండి తిరగగలిపి, ఊట దిగి నూనె పైకి తేలిన తరువాత నింపితే ఈ చిక్కు ఉండదు.

నింపేటప్పుడు ఖాళీ సీసను కాటా మీద పెట్టి సున్నా చేసుకొని నింపాలి. సీస బరువుతో కలిపి 500 తూచితే కొన్నవారికి తక్కువిచ్చినట్టు. చీటీ మీద వేసే తూకం లోపలి తొక్కుదే కావాలి. కంటి కొలతతో సీసకు 20 గ్రాములు ఎక్కువ పోస్తే 15 కిలోలకు 30 సీసాలు కావు, 28 అవుతాయి. రెండు సీసాలు మన చేతి వాటానికే పోయినట్టు.

ఆ 30లో కూడా అన్నీ అమ్ముడు పోవు. ఒక సీస మూత కారుతుందో, పగులుతుందో. ఒకటి రుచి చూపడానికి విప్పుతాము. గనుక అమ్మేవి 28 అని వేసుకోవాలి.

మొత్తం లెక్క

కాయ, కొట్టుడు 500. దినుసులు 702. నూనె 540. వెరసి 1,742 రూపాయలు. ఇక్కడితో ఆగి 30తో భాగించేవారికి సీసకు 58 రూపాయలు వస్తుంది. నూరుకు అమ్మితే 42 లాభం అని సంతోషిస్తారు.

కాని లెక్క అక్కడ తీరలేదు. ప్లాస్టిక్ సీస, లోపలి మూత, చీటీ కలిపి ఒక్కొక్కటి 16 చొప్పున 30 సీసాలకు 480. పోపుకు, వేయించడానికి గ్యాసు 60. అంగడికి పోయి వచ్చిన ఆటో కిరాయి 100. ఇప్పుడు మొత్తం 2,382 రూపాయలు. ఇది చేతినుండి పోయిన పైకం. 28 సీసాలకు పంచితే ఒక్కొక్కదానికి 85.

కూలి ఇంకా వేయలేదు. కాయ కడిగి, తుడిచి, జీడి తీసి, ఎల్లిగడ్డ వొలిచి, దంచి, కలపడానికి ముగ్గురికి ఒక దినం. మూడోనాడు తిరగగలిపి, సీసాలు తుడిచి, నింపి, చీటీలు అంటించడానికి ఇద్దరికి సగం దినం. మొత్తం నాలుగు కూలి దినాలు. ఉపాధి హామీ పనికి తెలంగాణలో 2024-25లో రోజుకూలి 300 రూపాయలు. ఆ లెక్కనే వేసుకుందాము, 1,200 అవుతుంది. అన్నీ కలిపి 3,582 రూపాయలు. 28తో భాగిస్తే సీసకు 128 రూపాయలు.

ఇప్పుడు నూరు రూపాయలకు అమ్మినవారి సంగతి చూడండి. 28 సీసాలకు 2,800 వచ్చింది. పైకం 2,382 పోయింది. మిగిలింది 418. నాలుగు దినాల పనికి పంచితే దినానికి 104 రూపాయలు. చేతిలో నోట్లు కనబడుతున్నాయి గనుక లాభమనిపిస్తుంది. వాస్తవానికి మూడింట రెండు వంతుల కూలిని కొన్నవారికి ఉచితంగా ఇచ్చినట్టే. "ఇంటి మనిషి చేసే పనికి కూలేమిటి?" అని ఇంట్లో మగవారు అనవచ్చు. ఆ దినం ఆమె పత్తి చేనుకు పోతే కూలి వచ్చేది కదా! పండుగ బల్లకు ఉచితంగా చేసి పెట్టడం వేరు. అది తెలిసి ఇచ్చిన కానుక. తెలియక పోగొట్టుకున్నది కానుక కాదు.

చెడిపోయేదానికి కూడా చోటు ఉంచాలి

ఎంత జాగ్రత్త పడినా ఎప్పుడో ఒక విడత చెడుతుంది. కారణాలు చాలా కొద్ది: కాయ తడి ఆరకపోవడం, తడి గరిటె పెట్టడం, ఉప్పు చాలకపోవడం, ముక్క నూనెపైకి తేలి ఉండడం. కడిగిన కాయను పొడిగుడ్డతో తుడిచి నీడన ఆరనివ్వాలి. కోసిన ముక్కను కూడా గుడ్డతో ఒత్తి తుడవాలి. అల్లం ఎల్లిగడ్డ ముద్దను నీళ్లు చిలకరించి నూరకూడదు. పోపు నూనె చల్లారిన తరువాతే కలపాలి.

చెడుతున్నదని ముందే తెలుస్తుంది. పైన బుడగలు, నురగ వస్తాయి. మూత తీయగానే కల్లులాంటి పులిసిన వాసన కొడుతుంది. నూనె పైకి తేలిన ముక్క మీద తెల్లని పొర కడుతుంది. బూజు కనబడితే పైది తీసేసి కిందిది అమ్మడం తగదు. ఆ సీసను పూర్తిగా పారేయాలి.

నింపకముందే ఒక జాడీ చెడితే ఎంత పోతుంది? సరుకు 1,742, గ్యాసు 60, మూడు దినాల కూలి 900, వెరసి 2,702. సీస 150కి అమ్మితే ఒక విడతకు కూలి పోను మిగిలేది 618 మాత్రమే. అంటే ఒక్క జాడీ చెడితే నాలుగు విడతల మిగులు దానితో పోతుంది. 20 విడతలలో ఒకటి చెడుతుందనుకుంటే విడతకు 135, సీసకు దాదాపు 5 రూపాయలు ముందే వేసుకోవాలి. అప్పుడు అసలు ఖర్చు 133.

ఏది పెరిగితే ఎంత?

ధరలు మారినప్పుడు మొత్తం లెక్క మళ్లీ వేయనవసరం లేదు. కాయ కిలోకు 20 పెరిగితే సీసకు 7 రూపాయలు పెరుగుతుంది. ఎండుమిరప కిలోకు 100 పెరిగితే దాదాపు 5. నూనె లీటరుకు 30 పెరిగితే 3. అయితే చూపుకు బాగుంటుందని 16 రూపాయల ప్లాస్టిక్ సీసకు బదులు, మూత చీటీతో 38 పడే గాజు సీస తీసుకుంటే ఒక్కొక్కదానికి 24 రూపాయలు పెరుగుతుంది! కాయ దగ్గర రెండు రూపాయలకు గంట బేరమాడి, సీస దగ్గర ఇరవై నాలుగు పోగొట్టుకోవడం ఇదే. గాజు సీస వద్దని మేము అనడం లేదు. దాని ధరను కొన్నవారు ఇస్తారా అని చూసుకొని తీసుకోవాలి. ఖాళీ గాజు సీస తిరిగి తెచ్చినవారికి తగ్గించి ఇస్తే ఇద్దరికీ మేలు. అయితే దాన్ని వేడినీళ్లతో కడిగి ఎండలో పూర్తిగా ఆరనివ్వాలి.

పావుకిలో సీసాలు తొందరగా అమ్ముడుపోతాయి. కాని తొక్కు సగానికి తగ్గినా సీస ధర సగానికి తగ్గదు. అర్ధకిలోది 16 అయితే పావుకిలోది 11 పడవచ్చు. 15 కిలోలకు 60 సీసాలు కావాలి, 660 రూపాయలు. గనుక పావుకిలో ధర అర్ధకిలో ధరలో సగం అని చెప్పకండి.

ధర చెప్పేటప్పుడు

ఇంటి దగ్గర అమ్మితే 133 ఖర్చు మీద 150 చెప్పవచ్చు. అదే సీస దుకాణంలో పెట్టి, దుకాణదారు నూటికి 20 తీసుకుంటే 150లో మన చేతికి వచ్చేది 120. ఖర్చుకంటే 13 తక్కువ! దుకాణం ద్వారా అమ్మాలంటే 133ను 80తో భాగించి 100తో గుణించాలి. 166 వస్తుంది. దానికి తక్కువకు అక్కడ పెట్టడం నష్టం.

బయటికి అమ్మేవారు ఆహార భద్రతా సంస్థ దగ్గర చిన్న వ్యాపారిగా నమోదు చేసుకోవాలి. 2011 నాటి నిబంధనలలో దానికి ఏడాదికి 100 రూపాయల రుసుము పెట్టారు. దాన్నీ, కాటా ఖర్చునూ ఏడాది సీసాలన్నిటికీ పంచుకుంటే ఒక్కొక్కదానికి పైసలలోనే పడుతుంది.

ఒక నోటుబుక్కులో ప్రతి విడతకు ఆరు అంకెలు రాసుకోండి: కొన్న కాయ ఎన్ని కిలోలు, వచ్చిన ముక్క ఎన్ని కిలోలు, దినుసులూ నూనె ఎన్ని రూపాయలు, సీసాలు ఎన్ని రూపాయలు, పని ఎన్ని దినాలు, చివరికి అమ్మిన సీసాలు ఎన్ని. గోపురం కట్టదలచినవాని ఉపమానం మనకందరికీ తెలిసిందే. పునాది వేసిన తరువాత కాదు, ముందే కూర్చోవాలి. ఈసారి "కాయ నలభయ్యే గదా వదినా" అని ఎవరైనా అంటే, ఆ బుక్కు తెరిచి చూపండి. "కాయ నలభయ్యే, ముక్క అరవై రెండున్నర, సీస పదహారు, చేతి కూలి నలభై మూడు. నువ్వే కూడి చెప్పు వదినా" అనండి.